పేరులో ఒక్క అక్షరం తేడా: బ్యాంకు మేనేజరు గారికి ఉత్తరం ఎలా రాయాలి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో బ్యాంకు లింకేజీ ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది మా దగ్గరికి వచ్చిన పనుల్లో పదే పదే వచ్చింది ఒకటుంది. "ఆధార్‌లో ఒక రకంగా, పాన్ కార్డులో ఒక రకంగా పేరు ఉందంట, బ్యాంకులో ఆపేశారు, మేనేజరు గారికి ఒక ఉత్తరం రాసి పెట్టండి" అని అడుగుతారు. ఉత్తరం రాయడం పది నిమిషాల పనే. కానీ అందులో ఏం అడగాలో తెలియకుండా రాస్తే ఆ కాగితం ఫైల్లో పడి ఉంటుంది, లోను మాత్రం రాదు. అందుకని ఈ రోజు ఒక సంఘంలో జరిగినది మొదటి నుంచి చివరి దాకా చెప్పి, ఆ ఉత్తరం కూడా చదివి వినిపిస్తాం. ఆ సభ్యురాలి అసలు పేరు చెప్పడం లేదు. అక్షరాల తేడా తెలియడం కోసం వెంకటలక్ష్మి అని పెట్టుకుందాం.

ఆ సంఘంలో పదకొండు మంది ఉన్నారు. పాత లింకేజీ లోను కిస్తీ తప్పకుండా కట్టేశారు. కొత్తగా ఎనిమిది లక్షలకు తీర్మానం రాసుకున్నారు. అదే సమావేశంలో లీడర్లను మార్చుకుని, వెంకటలక్ష్మి గారిని రెండో లీడరుగా ఎన్నుకున్నారు. తీర్మానం కాపీ, ఆమె ఆధార్, పాన్ జిరాక్సులు బ్యాంకులో ఇచ్చారు. వారం తర్వాత వెళ్తే కౌంటరులో ఆయన, "అమ్మా, ఈమె ఆధార్‌లో VENKATA LAKSHMI అని ఉంది, పాన్‌లో VENKATA LAXMI అని ఉంది. సంతకందారుగా ఎక్కించలేం, పేరు సరిచేసుకుని రండి" అన్నారు.

పలికితే రెండూ ఒకటే. మనం "లక్ష్మి" అని తెలుగులో రాసేటప్పుడు తేడా ఏమీ లేదు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఒకరు "క్ష్" కి KSH రాస్తారు, ఇంకొకరు X రాస్తారు. స్వాతి అంటే ఒకరు SWATHI, ఒకరు SWATI. పేరులో మధ్య ఖాళీ ఉంటే ఒకటి, లేకపోతే ఇంకొకటి. మనుషులకు ఇది తేడా కాదు. కానీ పాన్ నంబరును ఆదాయపు పన్ను శాఖ రికార్డుతో బ్యాంకు సరిచూసేటప్పుడు కంప్యూటరు చూసేది అక్షరాలనే. దాని లెక్కలో X వేరు, KSH వేరు.

ఇంటిపేరుతో వచ్చే తేడా ఇంకొకటి ఉంది. మనం ఇంటిపేరును ముందు ఒక పొడి అక్షరంగా రాసుకుంటాం. పాన్ దరఖాస్తులో ఇంటిపేరుకు పొడి అక్షరం ఒప్పుకోరు, పూర్తిగా రాయాలి. అందుకని చాలామందికి ఆధార్‌లో ఒక్క అక్షరం, పాన్‌లో మొత్తం ఇంటిపేరు ఉంటుంది. ఆధార్ తీసుకునేటప్పుడే ఇంటిపేరు పూర్తిగా రాయించుకున్న వాళ్లకు ఈ బాధ రాదు.

ఇక ఆ సంఘం సంగతి. వాళ్లు జిరాక్స్ షాపు దగ్గర ఒక ఉత్తరం రాయించుకుని ఇచ్చారు. అందులో ఉన్నది ఒక్కటే మాట: "నా రెండు కార్డుల్లో పేరు వేరుగా ఉన్నది, దయచేసి సరిచేయగలరు." మేనేజరు గారు ఆ ఉత్తరం తిరిగి ఇచ్చేశారు. "నేను ఆధార్ మార్చలేను, పాన్ మార్చలేను, ఏం సరిచేయమంటారు?" అన్నారు. సభ్యులకు కోపం వచ్చింది గానీ, ఆయన అన్నది నిజమే. ఆధార్ మార్చేది యూఐడీఏఐ, అంటే ఆధార్ కేంద్రం ద్వారా. పాన్ మార్చేది ఆదాయపు పన్ను శాఖ, అంటే పాన్ సేవా కేంద్రం ద్వారా. బ్యాంకు మేనేజరు చేతిలో ఉన్నది బ్యాంకు కంప్యూటరులో మన పేరు మీద ఉన్న రికార్డు ఒక్కటే. కాబట్టి ఆయన్ని అడగాల్సింది ఆ రికార్డు గురించే. మేం అందరికీ ముందు చెప్పే మాట ఇదే: కార్డును సరిచేయించుకునేది ఒక చోట, బ్యాంకు రికార్డును సరిచేయించుకునేది ఇంకో చోట. కార్డు ముందు, బ్యాంకు తర్వాత.

ఈలోగా అక్కడ ఏం జరుగుతోంది? లోను ఆగిపోయింది. వర్షాలు పడ్డాయి. ఇద్దరు సభ్యులు విత్తనాలకు, ఎరువులకు బయట మూడు రూపాయల వడ్డీకి చెరో యాభై వేలు తెచ్చుకున్నారు. యాభై వేలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు పదిహేను వందలు. రెండు నెలలు ఆగితే ఒక్కొక్కరికి మూడు వేలు పోయాయి. "పాత రెండో లీడరు సంతకంతో తీసుకోండి" అని కొందరు సలహా ఇచ్చారు. ఆ మాటలో అర్థం ఉంది. బ్యాంకు కొత్త సంతకందారును ఒప్పుకునే దాకా వాళ్ల రికార్డులో పాత వాళ్ల పేరే ఉంటుంది. కానీ ఆ పాత లీడరు అప్పటికే కూతురి దగ్గరికి హైదరాబాద్ వెళ్లిపోయింది. ఊళ్లో ఉంటే ఆ దారిన పోవచ్చు. అందుకే లీడర్లను మార్చుకునే సంఘాలకు మేం చెబుతున్నాం: కొత్త వాళ్ల కార్డులు సరిగా ఉన్నాయని చూసుకున్నాకే మార్పు తీర్మానం బ్యాంకుకు ఇవ్వండి.

వెంకటలక్ష్మి గారి ఇంటికి మా ఉపసంఘం నుంచి ఇద్దరం వెళ్లి, ఆమె దగ్గరున్న కాగితాలన్నీ చాప మీద పరిచాం. ఆధార్, పాన్, ఓటరు కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, రేషన్ కార్డు, రెండు పాస్ పుస్తకాలు. ఒక తెల్ల కాగితం మీద గీతలు గీసి, ఒక్కో కార్డులో ఇంగ్లీషు పేరు ఎలా ఉందో అక్షరం అక్షరం పెద్దగా రాశాం. ఆధార్‌లో, ఓటరు కార్డులో, జాబ్ కార్డులో, ఒక పాస్ పుస్తకంలో LAKSHMI అని ఉంది. పాన్‌లో, రెండో పాస్ పుస్తకంలో మాత్రం LAXMI అని ఉంది.

ఏ కార్డు మార్చాలన్నది అక్కడే తేలిపోయింది. ఎక్కువ కాగితాలతో కలిసేదాన్ని ఉంచాలి, విడిగా ఉన్నదాన్ని మార్చాలి. ఆమె విషయంలో విడిగా ఉన్నది పాన్. ఇంకో కారణం కూడా ఉంది. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండు సార్లు మాత్రమే మార్చుకోనిస్తారు. పింఛను, రేషను, ఉపాధి హామీ కూలి, అన్నీ ఆధార్‌తో ముడిపడి ఉన్నాయి. కాబట్టి ఆధార్ సరిగా ఉంటే దాన్ని కదపకూడదు. ఆధార్‌లోనే తప్పు ఉండి, మిగతా కాగితాలన్నీ ఇంకో రకంగా ఉంటే అప్పుడు ఆధార్ కేంద్రానికి వెళ్లాలి. అప్పుడు కూడా పేరు ఎలా ఉండాలో కాగితం మీద రాసుకుని వెళ్లి, అక్కడ తెర మీద చూసి, అక్షరాలు లెక్కపెట్టుకుని, ఆ తర్వాతే సరే అనాలి.

పాన్ సవరణకు ఆమె పట్టణంలో పాన్ సేవా కేంద్రానికి వెళ్లింది. పాన్ వివరాల మార్పు దరఖాస్తు నింపి, పేరుకు ఆధారంగా ఆధార్ కాపీ ఇచ్చింది. వాళ్లు ఒక నంబరు ఉన్న రసీదు ఇచ్చారు. ఇక్కడ చాలామంది భయపడే మాట ఒకటి ఉంది: "పాన్ మారితే పాత పాన్ పోతుందా?" పోదు. పేరు మారుతుంది గానీ నంబరు అదే ఉంటుంది. కొత్త నంబరు కోసం ఇంకో దరఖాస్తు పెట్టడం మాత్రం చేయకూడదు. ఒక మనిషికి రెండు పాన్‌లు ఉండటం చట్టప్రకారం తప్పు, దానికి జరిమానా ఉంది. సవరించిన కార్డు పోస్టులో వచ్చాక చూస్తే నంబరు పాతదే, పేరు VENKATA LAKSHMI.

ఇప్పుడు బ్యాంకు పని మిగిలింది. ఇక్కడ ఇంకో సంగతి బయటపడింది. ఆమెకు అదే బ్యాంకులో రెండు ఖాతాలు ఉన్నాయని పాస్ పుస్తకాలు చూస్తే తెలిసిందే. మొదటిది పాల డబ్బుల కోసం చాలా ఏళ్ల క్రితం తెరిచిన పొదుపు ఖాతా. దాన్ని తెరిచినప్పుడు పాన్ చూసి పేరు ఎక్కించారు, LAXMI అని. రెండోది ఊళ్లో బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర వేసి తెరిచిన జన్‌ధన్ ఖాతా. వేలిముద్రతో తెరిస్తే పేరు ఆధార్ నుంచి నేరుగా వచ్చేస్తుంది, అందుకని అది LAKSHMI. రెండు పేర్లు వేరుగా ఉండటంతో బ్యాంకు కంప్యూటరు ఆమెను ఇద్దరు మనుషులుగా అనుకుని, రెండు కస్టమర్ ఐడీలు ఇచ్చింది. పాస్ పుస్తకం మొదటి పేజీలో ఖాతా నంబరు పక్కనో కిందనో కస్టమర్ ఐడీ అని, కొన్ని బ్యాంకుల్లో సీఐఎఫ్ అని ఒక నంబరు ఉంటుంది. ఖాతాలు ఎన్ని ఉన్నా ఒక మనిషికి ఒక బ్యాంకులో ఆ నంబరు ఒక్కటే ఉండాలన్నది రిజర్వ్ బ్యాంకు నియమం. మీ దగ్గర రెండు పాస్ పుస్తకాలు ఉంటే ఇంటికెళ్లి ఈ రోజే ఆ నంబర్లు పక్కపక్కన పెట్టి చూడండి.

రెండు ఐడీల వల్ల ఆమెకు ఇంకో నష్టం కూడా జరుగుతోంది. రెండు పాస్ పుస్తకాల్లోనూ మే నెలాఖరులో 436 రూపాయలు కోత పడింది. అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ప్రీమియం. రెండు చోట్ల కట్టారు కాబట్టి నాలుగు లక్షలు వస్తాయని ఆమె అనుకుంటోంది. రాదు. ఎన్ని ఖాతాల నుంచి కట్టినా ఆ పథకంలో ఒక మనిషికి బీమా రెండు లక్షలే. రెండోసారి కట్టినది వృథా. పైగా క్లెయిము వచ్చిన రోజు ఇంట్లో వాళ్లు మరణ ధృవీకరణ పత్రం పట్టుకుని వెళ్తే, ఏ ఖాతా పేరు సరైనదో తేల్చుకోవడం వాళ్ల నెత్తిన పడుతుంది. అందుకని ఉత్తరంలో ఈ విషయం కూడా పెట్టాం.

ఇదిగో, ఆమె ఇచ్చిన ఉత్తరం. నంబర్ల చోట చుక్కలు పెట్టాం.

తేదీ: ................

బ్రాంచి మేనేజరు గారికి,
................ బ్యాంకు, ................ శాఖ.

అయ్యా,

విషయం: పాన్‌లో పేరు సవరించిన తర్వాత బ్యాంకు రికార్డులో నా పేరు సరిచేయడం, రెండు కస్టమర్ ఐడీలను ఒకటి చేయడం గురించి.

నేను మీ శాఖలో ఖాతాదారును. నా పొదుపు ఖాతా నంబరు ................ (కస్టమర్ ఐడీ ................). దీనిలో నా పేరు VENKATA LAXMI అని ఉన్నది. నా జన్‌ధన్ ఖాతా నంబరు ................ (కస్టమర్ ఐడీ ................). దీనిలో నా పేరు VENKATA LAKSHMI అని ఉన్నది. రెండు ఖాతాలూ నావే.

నా ఆధార్‌లో పేరు VENKATA LAKSHMI. ఇంతకుముందు నా పాన్ కార్డులో VENKATA LAXMI అని ఉండేది. దానిని ................ తేదీన దరఖాస్తు చేసి ఆధార్ ప్రకారం సవరించుకున్నాను. నా పాన్ నంబరు మారలేదు. ఇప్పుడు రెండు కార్డుల్లోనూ పేరు ఒకటే.

కాబట్టి మిమ్మల్ని కోరేది:

1. మొదటి ఖాతాలో నా పేరు VENKATA LAKSHMI గా మార్చండి.
2. రెండు కస్టమర్ ఐడీలను కలిపి ఒకటి చేయండి.
3. జీవన్ జ్యోతి బీమా ప్రీమియం రెండు ఖాతాల నుంచీ కోత పడుతున్నది. ................ ఖాతా నుంచి కోత ఆపండి.
4. మా స్వయం సహాయక సంఘం పొదుపు ఖాతా ................ కు ................ తేదీ తీర్మానం ప్రకారం నన్ను సంతకందారుగా ఎక్కించండి.

ఇంకా ఏదైనా కాగితం కావాలంటే ఏది కావాలో రాతపూర్వకంగా తెలియజేయగలరు.

జతపరచినవి: ఆధార్ కాపీ, సవరించిన పాన్ కాపీ, పాత పాన్ కాపీ, పాన్ సవరణ రసీదు కాపీ, రెండు పాస్ పుస్తకాల మొదటి పేజీలు, సంఘం తీర్మానం కాపీ. అసలు కార్డులు చూపించడానికి తెచ్చాను.

ఇట్లు,
(సంతకం)
ఫోన్: ................

ఉత్తరం ఇంతే. ఒక్క పేజీ. ఇందులో ప్రతి మాటకూ ఒక కారణం ఉంది, అది చెబుతాం.

మొదటిది, పేరు రాసిన తీరు. ఉత్తరం తెలుగులో రాశాం. తెలుగులో ఇస్తే తీసుకోరేమో అని అనుమానం వద్దు. కానీ పేరును మాత్రం ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో, కార్డు మీద ఎలా ఉందో అలాగే రాశాం. "నా పేరు వెంకటలక్ష్మి అని మార్చండి" అని తెలుగులో రాస్తే కౌంటరులో కూర్చున్న ఆయన మళ్లీ తనకు తోచిన స్పెల్లింగు కొడతారు. అప్పుడు మూడో రకం పేరు పుడుతుంది. ఖాళీ ఎక్కడ ఉందో కూడా చూడాలి. VENKATA తర్వాత ఖాళీ ఉంటే ఉత్తరంలోనూ ఖాళీ ఉండాలి.

రెండోది, పాత పేరు దాచకపోవడం. చాలామంది ఉత్తరంలో కొత్త పేరే రాసి, పాత పేరు గురించి మాట్లాడరు. అప్పుడు బ్యాంకు వాళ్లకు ఖాతాలో ఉన్న మనిషి, ఎదురుగా ఉన్న మనిషి ఒకరేనా అని అనుమానం వస్తుంది. పాత పేరు, కొత్త పేరు, మారని పాన్ నంబరు, ఈ మూడూ ఒకే పేరాలో ఉంటే అనుమానం అక్కడే తీరిపోతుంది. అందుకే పాత పాన్ కాపీ కూడా జతపరిచాం. కొత్తది రాగానే పాతది చింపేయకండి, కనీసం ఒక జిరాక్సు దాచుకోండి.

మూడోది, అడిగినవి అంకెలు వేసి విడివిడిగా రాయడం. నాలుగు పనులూ బ్యాంకులో నలుగురు చేసేవి కావచ్చు. పేరు మార్పు ఒకరి దగ్గర, బీమా ఇంకొకరి దగ్గర, సంఘం ఖాతా ఫీల్డ్ ఆఫీసరు గారి దగ్గర ఉంటుంది. అంకెలు ఉంటే ఏది అయింది, ఏది మిగిలింది అని మనం అడగగలం. "అంతా సరిచేయండి" అని రాస్తే ఒక పని చేసి అంతా అయిపోయిందంటారు.

నాలుగోది, "ఏ కాగితం కావాలో రాతపూర్వకంగా తెలియజేయగలరు" అన్న వాక్యం. ఇది లేకపోతే ఒకసారి నోటరీ అఫిడవిట్ తెమ్మంటారు, అది తెస్తే ఇంకోసారి గెజిటెడ్ ఆఫీసరు సంతకం అంటారు. ఒక్కో తిరుగుడుకు ఒక రోజు కూలి పోతుంది. కొన్ని శాఖల్లో చిన్న స్పెల్లింగు తేడాకు "ఈ రెండు పేర్లూ నావే" అని తెల్ల కాగితం మీద రాసిచ్చినా ఒప్పుకుంటారు, కొన్ని చోట్ల స్టాంపు కాగితం మీద నోటరీ అడుగుతారు. అఫిడవిట్ ఇస్తే పని జరగవచ్చు, కానీ దానితో కార్డు మారదు. ఈ బ్యాంకులో ఒప్పుకున్న అఫిడవిట్ రేపు ఇంకో ఆఫీసులో పనికిరాకపోవచ్చు. కార్డే సరిచేసుకుంటే ఈ గొడవ మళ్లీ రాదు.

జిరాక్సుల గురించి రెండు మాటలు. ప్రతి జిరాక్సు మీద సంతకం చేసి, "పేరు సవరణ కోసం ఫలానా బ్యాంకుకు ఇచ్చినది" అని రాసి తేదీ వేయండి. ఆ కాపీని ఇంకెవరూ ఇంకో పనికి వాడకుండా ఉంటుంది. ఉత్తరం మీద సంతకం బ్యాంకులో ముందు ఇచ్చిన సంతకంలాగే ఉండాలి. వెంకటలక్ష్మి గారు పాత ఖాతాలో తెలుగులో సంతకం చేశారు, జన్‌ధన్ ఖాతాకు వేలిముద్ర ఇచ్చారు. ఐడీలు కలిపేటప్పుడు ఏ సంతకం ఉంచాలన్నది అడుగుతారు, కొత్తగా నమూనా సంతకం తీసుకుంటారు. వేలిముద్ర వేసే అక్కలు మేనేజరు గారి ఎదుటే ముద్ర వేయడం మేలు. ఉత్తరం రాసిపెట్టిన వీవోఏ కింద "చదివి వినిపించి రాశాను" అని తన పేరు, సంతకం పెట్టాలి.

ఉత్తరం రెండు కాపీలు తీసుకెళ్లాలి. ఒకటి బ్యాంకుకు, రెండోదాని మీద బ్యాంకు ముద్ర, తేదీ, తీసుకున్నవారి సంతకం వేయించుకుని మనం ఉంచుకోవాలి. ముద్ర వేయనంటే "సరే సార్, స్పీడ్ పోస్టులో పంపుతాం" అని మర్యాదగా చెప్పి, పంపి ఆ రసీదు దాచుకోండి. ఎందుకంటే ఆ తేదీ నుంచే లెక్క మొదలవుతుంది. సమస్యను రాతపూర్వకంగా బ్యాంకుకు చెప్పి ముప్పై రోజులు గడిచినా జవాబు లేకపోతే, లేదా జవాబు సరిగా లేకపోతే, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దానికి డబ్బు కట్టనక్కర్లేదు. 14448 కు ఫోను చేస్తే వివరం చెబుతారు. బ్యాంకుకు ముందు రాయకుండా నేరుగా అక్కడికి వెళ్తే తీసుకోరు. మా సంఘానికి అంతదాకా పోవాల్సిన పని పడలేదు. పన్నెండో రోజున పేరు మారింది.

మారిందని నోటి మాటగా చెబితే చాలదు. ఎలా తెలుసుకోవాలి? పాస్ పుస్తకం మొదటి పేజీ మళ్లీ ప్రింటు వేయించుకుని అక్షరాలు లెక్కపెట్టాలి. రెండు పాస్ పుస్తకాల్లోనూ కస్టమర్ ఐడీ ఒకటే ఉందో లేదో చూడాలి. ఐడీలు కలిపినప్పుడు ఒక్కోసారి నామినీ పేరు ఎగిరిపోతుంది, ఫోను నంబరు పాతది వచ్చేస్తుంది. ఆ రెండూ అక్కడే అడిగి చూసుకోవాలి. ప్రభుత్వం వేసే డబ్బు ఆధార్ ముడిపడిన ఖాతాలో పడుతుంది కాబట్టి, ఆ ముడి ఏ ఖాతాకు ఉందో కూడా అడగాలి. వెంకటలక్ష్మి గారికి నామినీ చోట ఖాళీ కనబడింది. అదే రోజు కూతురి పేరు ఎక్కించుకున్నారు. ఆ కూతురి పేరు కూడా ఆమె ఆధార్‌లో ఎలా ఉందో అలాగే రాయించుకున్నారు.

ఇంకో మాట. సంఘంలో అందరి కార్డులూ సరిగా ఉంటేనే సంఘం ఖాతా తెరుస్తామని ఎక్కడైనా అంటే, అది నియమం కాదు. సంఘం పొదుపు ఖాతా తెరవడానికి లీడర్ల కాగితాలు చూస్తే చాలునని రిజర్వ్ బ్యాంకు నియమాల్లో ఉంది. సభ్యులందరి కాగితాలు లోను ఇచ్చే సమయంలో చూడవచ్చు. అందుకని కొత్త సంఘాలు ఒక సభ్యురాలి పేరు తేడా వల్ల ఖాతా తెరవడం ఆపుకోనక్కర్లేదు. ఆమె కార్డును లోను నాటికి సరిచేసుకుంటే సరిపోతుంది.

ఈ ఉత్తరం ఎక్కడ పనికిరాదో కూడా చెప్పాలి. ఇది ఒకే పేరును రెండు రకాలుగా రాసిన తేడాకు మాత్రమే. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారి ఉంటే అది స్పెల్లింగు తేడా కాదు, పేరు మార్పు. పాత ఇంటిపేరుతో ఉన్న కార్డు బ్యాంకులో చెల్లాలంటే దానికి ప్రభుత్వం ఇచ్చిన వివాహ ధృవీకరణ పత్రం గానీ గెజిట్ ప్రకటన గానీ జతపరచాలి. పెళ్లి శుభలేఖ చాలదు. పెళ్లి రిజిస్టరు చేయించుకోని అక్కలు ముందు ఆ పని చూసుకోవాలి. పుట్టిన తేదీ తేడా ఉన్నా దారి వేరు. ఇంట్లో ఒక పేరు, కార్డులో ఇంకో పేరు ఉండి, రెండింటికీ పోలికే లేకపోతే అది గెజిట్ దాకా వెళ్లే పని. వాటికి ఈ నమూనా వాడి, బ్యాంకు తిప్పి పంపితే బ్యాంకును తిట్టుకోవద్దు.

లోను పడ్డాక ఆ సంఘం సభ్యులు చేసిన పని ఒకటి మాకు నచ్చి, సమాఖ్య ముందు పెడుతున్నాం. వాళ్లు తీర్మానాల పుస్తకం చివరి పేజీలో ఒక పట్టిక గీసుకున్నారు. సభ్యురాలి పేరు, ఆధార్‌లో స్పెల్లింగు, పాన్ ఉంటే పాన్‌లో స్పెల్లింగు, బ్యాంకు పాస్ పుస్తకంలో స్పెల్లింగు, నామినీ పేరు, ఈ ఐదు గడులు. ఆధార్ నంబర్లు, పాన్ నంబర్లు అందులో రాయలేదు, రాయకూడదు కూడా. పదకొండు మందిలో ఇంకో ముగ్గురికి తేడాలు కనబడ్డాయి. అందులో ఒకామె వచ్చే ఏడాది మొదటి లీడరు కావాల్సిన మనిషి. ఆమె ఇప్పుడే పాన్ సవరణకు పెట్టుకుంది.

ప్రతి గ్రామ సంఘంలో వచ్చే నెల సమావేశానికి ఈ పట్టిక తయారు చేయాలని, లీడర్ల మార్పు ఉన్న సంఘాలు తీర్మానం రాసేముందే ఇది చూసుకోవాలని మా ఉపసంఘం ప్రతిపాదిస్తోంది. తేడా కనబడిన వాళ్లు మంగళవారాల్లో సమాఖ్య కార్యాలయానికి కార్డులు, పాస్ పుస్తకాలు తెచ్చుకుంటే కూర్చుని ఉత్తరం రాసుకుందాం.